మందు నోటుబుక్కు – 3వ పాఠం: ఆషాఢంలో మునగాకు

పోయిన పాఠంలో రక్తపరీక్షలో వచ్చే ఐఎన్‌ఆర్ అంకె చదవడం నేర్చుకున్నాం. అంకె పెరిగిందంటే రక్తం ఆలస్యంగా గడ్డకడుతోందని, తగ్గిందంటే త్వరగా గడ్డకడుతోందని. ఈసారి ఆ అంకె పక్కన ఆకుకూరలు రాసుకోవడం చూద్దాం.

ఇది రక్తం త్వరగా గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వాడేవాళ్ల సంగతి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అపిక్సబాన్ లాంటివి వాడేవాళ్లకు ఆకుకూరలతో ఈ పేచీ లేదు. కాబట్టి ముందు మీ చీటీలో ఏ మందు ఉందో చూసుకోండి.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రొటీన్లను కాలేయం తయారు చేస్తుంది. అందుకు కె విటమిన్ కావాలి. ఒకసారి వాడిన కె విటమిన్‌ను శరీరం బాగుచేసుకుని మళ్లీ వాడుకుంటుంది. వార్ఫరిన్ ఆ బాగుచేసే పనిని అడ్డుకుంటుంది. తిండిలో కొత్తగా కె విటమిన్ ఎక్కువగా వచ్చిపడితే మందు పట్టు సడలుతుంది. తోటకూర, పాలకూర, మునగాకు లాంటి ముదురాకుపచ్చ కూరల్లో అది దండిగా ఉంటుంది, వండినా పెద్దగా పోదు. అన్నంలో, కొబ్బరిలో, చేపల్లో బాగా తక్కువ. పులస పులుసుకు ఈ గొడవ లేదన్నమాట!

ఇప్పుడు ఒక ఉదాహరణ. కోనసీమలో ఒక పెద్దావిడకు గుండెలో మిట్రల్ వాల్వు మార్చి లోహపు వాల్వు పెట్టారనుకుందాం. ఆవిడ ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 3.5 లోపు ఉండాలన్నారు. జ్యేష్ఠంలో 2.9 వచ్చింది. ఆషాఢం రాగానే ఇంట్లో రోజూ మునగాకే, ఒకరోజు పప్పులో, ఇంకోరోజు వేపుడు. నెలాఖరుకు అంకె 1.8. వాల్వు మీద గడ్డకట్టే ప్రమాదం ఉంది కనుక డాక్టరుగారు డోసు పెంచారు. మునగాకు మాట ఆవిడ చెప్పలేదు, ఆయనా అడగలేదు. శ్రావణంలో మునగాకు ఆగింది, పెంచిన డోసు మాత్రం అలాగే ఉంది. తర్వాతి పరీక్షలో 4.8! పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం.

1.8 వచ్చిన రోజే “నెలంతా మునగాకు తిన్నానండీ, రేపటి నుంచి ఉండదు” అని చెప్పి ఉంటే, పెంచిన డోసు ఎన్నాళ్లు వాడాలో చెప్పి, వారానికే మళ్లీ పరీక్షకు రమ్మనేవారు.

అలాగని కూరలు పూర్తిగా మానేయడం నాకు నచ్చని సలహా, చాలామంది ఇచ్చేది అదే అయినా. ఒంట్లో కె విటమిన్ నిల్వ మరీ తక్కువైతే కాస్త తోటకూర తిన్నా అంకె ఊగిపోతుంది. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే ప్రతి వారం రెండుసార్లే, ఇంచుమించు అదే గిన్నెడు. తాలింపులో కరివేపాకు లెక్కలోకి రాదు.

నోటుబుక్కులో తేదీ, మాత్ర, ఐఎన్‌ఆర్ గళ్ల పక్కన ‘ఆకుకూర’ అని ఇంకో గడి గీయండి. ఏ కూరో, ఎన్ని గరిటెలో రాయండి. అంకె మారినప్పుడు ముందటి వారం గళ్లు వెనక్కి చదవండి. డోసు మాత్రం సొంతంగా మార్చకండి. మలం నల్లగా వచ్చినా, దెబ్బ తగలకుండానే కమిలినా, తలకు దెబ్బ తగిలినా పరీక్ష తేదీ దాకా ఆగక ఆసుపత్రికి వెళ్లండి.

వచ్చే పాఠం: జ్వరానికి యాంటీబయాటిక్ వాడిన వారంలో అంకె ఎందుకు పెరుగుతుంది?