వేరుశనగ నూనెకు ఆమ్ల విలువ కట్టడం ఎలా? ఆ అంకె ముక్కిన వాసన గురించి ఏమి చెబుతుంది?

తిరుపతిలోని మా ప్రయోగశాలకు గానుగ నూనె తెచ్చేవారు ఎక్కువగా అడిగేది ఒక్కటే: "ఈ నూనె ముక్కిపోయిందా, లేదా?" ఆమ్ల విలువ ఆ ప్రశ్నలో సగానికే జవాబిస్తుంది. ఏ సగమో తెలియాలంటే ముందు పరీక్ష ఎలా చేస్తారో చూడాలి.

నూనె అణువులో ఒక గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కొని ఉంటాయి. గింజలో తేమ ఉంటే లైపేజ్ అనే ఎంజైము ఆ అతుకును తెంపుతుంది, అప్పుడు కొవ్వు ఆమ్లాలు విడిపడి నూనెలోనే ఉండిపోతాయి. ఒక గ్రాము నూనెలో అలా విడిపడిన ఆమ్లాలను తటస్థీకరించడానికి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ కావాలో అదే ఆమ్ల విలువ.

మొదట సుమారు 0.1 నార్మాలిటీ గల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం సిద్ధం చేసుకోవాలి. ఇది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని బలహీనపడుతుంది కనుక సీసా మీది చీటీని నమ్మకుండా అసలు బలాన్ని తేల్చుకోవాలి. ఆరబెట్టిన పొటాషియం హైడ్రోజన్ థాలేట్ 0.4084 గ్రాములను మరిగించి చల్లార్చిన నీటిలో కరిగించి, ఫినాఫ్తలీన్ వేసి టైట్రేషన్ చేస్తే, సరిగ్గా 0.1 నార్మాలిటీ గల ద్రావణమైతే 20 మిల్లీలీటర్లు పడుతుంది. మాకు 20.4 పట్టింది కాబట్టి దాని బలం 0.098.

తరువాత 50 మిల్లీలీటర్ల ఇథైల్ ఆల్కహాల్‌ను వేడినీటి తొట్టిలో వేడి చేసి (ఆల్కహాల్ అంటుకుంటుంది కనుక మంట దగ్గర పెట్టకూడదు), ఒక మిల్లీలీటరు ఫినాఫ్తలీన్ కలిపి, లేత గులాబీ రంగు నిలిచేదాకా సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కలుగా వేయాలి. ఆల్కహాల్‌కే కొంత ఆమ్లత్వం ఉండటం వల్ల ఈ మెట్టు తప్పనిసరి. కొత్తలో నేను దీన్ని దాటవేసి, మంచి నూనెలన్నిటికీ ఎక్కువ విలువలు కట్టి, మొత్తం పని తిరిగి చేయవలసి వచ్చింది.

ఇప్పుడు నూనెను బాగా కలిపి, 250 మిల్లీలీటర్ల కోనికల్ ఫ్లాస్క్‌లో సుమారు 10 గ్రాములు తూచి, ఆ ఆల్కహాల్ పోసి, ఐదు నిమిషాలు మరగనిచ్చి, వేడిగా ఉండగానే బ్యూరెట్ నుంచి సోడియం హైడ్రాక్సైడ్ వదలాలి. నూనె అడుగున, ఆల్కహాల్ పైన రెండు పొరలుగా నిలుస్తాయి. ఆమ్లం కింది పొర నుంచి పైకి మెల్లగా వస్తుంది కనుక, గట్టిగా ఊపకపోతే గులాబీ రంగు తొందరగా కనబడి మోసం చేస్తుంది. ఊపగానే అది మాయమైతే పని ఇంకా మిగిలి ఉన్నట్టే. బాగా ఊపిన తరువాత కూడా రంగు అర నిమిషం నిలిస్తే అక్కడ ఆపాలి. ఆపైన చాలాసేపటికి రంగు వెలిసినా మళ్ళీ చుక్క వేయకూడదు, ఎందుకంటే అప్పటికి క్షారం నూనెనే సబ్బుగా మార్చడం మొదలుపెడుతుంది.

```
AV = 56.1 × V × N / W
```

ఇక్కడ AV ఆమ్ల విలువ, V పట్టిన మిల్లీలీటర్లు, N ద్రావణం బలం, W నూనె గ్రాములు. 56.1 పొటాషియం హైడ్రాక్సైడ్ తుల్యభారం; మనం సోడియం హైడ్రాక్సైడ్ వాడినా లెక్కలో అదే వేయాలి.

ఒక గానుగ నుంచి వచ్చిన తాజా వేరుశనగ నూనె 10.02 గ్రాములకు 3.6 మిల్లీలీటర్లు పట్టింది, అంటే విలువ 1.98. వానకు తడిసి సరిగా ఆరని చెనక్కాయలు ఆడించిన నూనె 10.05 గ్రాములకు 13.2 పట్టి 7.22 తేలింది. వేరుశనగ నూనెకు మన ఆహార భద్రతా నిబంధనల పరిమితి 6.0. గింజ తడిసిన సంగతి ఈ అంకెలో స్పష్టంగా కనిపిస్తుంది, కానీ అటువంటి గింజకు పట్టే బూజు విషమైన అఫ్లటాక్సిన్ గురించి ఇది ఏమీ చెప్పదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మూడో నమూనా. కిటికీ పక్కన పారదర్శకమైన సీసాలో నెలల తరబడి నిలిచిన రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె అది. మూత తీయగానే పాత రంగు డబ్బా వాసన కొట్టింది. పది గ్రాములకు 0.6 మిల్లీలీటర్లే పట్టి, విలువ 0.33 వచ్చింది. ఇంత తక్కువ పట్టినప్పుడు ఒక్క చుక్క తేడాకే ఫలితం దాదాపు ఎనిమిది శాతం మారుతుంది కనుక, రిఫైన్డ్ నూనెను 20 గ్రాములకు తగ్గకుండా తీసుకోవడం మేలు. అయితే మళ్ళీ చేసినా ఆ నూనె ఆమ్ల విలువ పరంగా మంచిదిగానే తేలింది.

కారణం ఏమిటంటే, శుద్ధి చేసేటప్పుడే విడి ఆమ్లాలను తీసివేస్తారు. ఆ తరువాత వెలుతురు, గాలి వల్ల పుట్టే వాసన కొవ్వు ఆమ్లాల జంటబంధాల దగ్గర ఆక్సిజన్ చేరడం వల్ల వస్తుంది. తొలిదశలో పెరాక్సైడ్లు, అవి విరిగాక ఘాటైన ఆల్డిహైడ్లు ఏర్పడతాయి. వీటిలో ఏదీ బ్యూరెట్‌లోని క్షారాన్ని చెప్పుకోదగినంతగా వాడుకోదు. కాబట్టి ఎక్కువ ఆమ్ల విలువ తేమ వల్ల నూనె విడిపోయిందని చెబుతుంది. తక్కువ విలువ మాత్రం నూనె ముక్కిపోలేదని చెప్పదు. దానికి పొటాషియం అయోడైడ్‌తో, థయోసల్ఫేట్‌తో చేసే పెరాక్సైడ్ విలువ పరీక్ష కావాలి. బాగా పాతబడ్డ నూనెలో పెరాక్సైడ్లు విరిగిపోయి ఆ అంకె కూడా తగ్గిపోవచ్చు కనుక, మా నమోదు పుస్తకంలో రెండు విలువల పక్కన నూనె వాసన ఎలా ఉందో కూడా తప్పకుండా రాస్తాము.