సున్నా ఎక్కడుందో చూడకుండా రంధ్రాలు వేస్తే

120 × 80 మి.మీ. ప్లేటు. డ్రాయింగ్‌లో బాణం గుర్తుల కొలతలు లేవు, అంచు వెంబడి సన్నని గీతల చివర 0, 15, 40, 75, 105 అని అంకెలు మాత్రమే ఉన్నాయి. అలవాటు కొద్దీ వాటిని వరుస దూరాలుగా చదివాను. మొదటి రంధ్రం 15 దగ్గర, రెండోది 15కి 40 కలిపి 55 దగ్గర వేశాను. మూడోదానికి 75 కలిపితే 130 వచ్చింది. ప్లేటు పొడవే 120! అప్పటికే ఒక ప్లేటు పాడైంది, చాలా బాధేసింది.

మళ్లీ డ్రాయింగ్ తీసి ముందు సున్నాలు వెతికాను. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండూ కింది ఎడమ మూలకే చేరుతున్నాయి. అంటే ప్రతి అంకె ఆ మూల నుంచి నేరుగా ఉన్న దూరం. దేన్నీ దేనికీ కలపక్కర్లేదు. రెండో రంధ్రం గీత అడ్డంగా 40కి, నిలువుగా 12కి వెళ్తోంది, కాబట్టి దాని స్థానం X40 Y12.

కొత్త ప్లేటుకు ఆ మూలలో మార్కర్‌తో చుక్క పెట్టుకున్నాను, బిగించేటప్పుడు తిరగబడకుండా. అంచు ఎక్కడుందో కనిపెట్టడానికి స్పిండిల్‌కు బిగించే 10 మి.మీ. వ్యాసం ఎడ్జ్ ఫైండర్ ప్లేటు అంచును తాకినప్పుడు స్పిండిల్ మధ్యభాగం ఇంకా 5 మి.మీ. బయటే ఉంటుంది. ఆ 5 మి.మీ. లోపలికి జరిపాకే, స్థానాన్ని అంకెల్లో చూపే డీఆర్‌ఓలో సున్నా పెట్టాను. తర్వాత అంకెలు ఉన్నవి ఉన్నట్టే వాడాను.

చివర్లో రెండో, మూడో రంధ్రాల మధ్య అడ్డంగా ఉన్న దూరం కొలిచాను: 75 − 40, సరిగ్గా 35. ఒక్కో స్థానానికి ±0.1 ఉంటే ఈ దూరం ±0.2 వరకు మారవచ్చు.