బుక్ చూస్తే అన్నీ తెలిసినవే, పేపర్ చూస్తే ఏదీ గుర్తురాదు: దీన్ని సరిచేసుకోవడం ఎలా?

"నాలుగుసార్లు చదివాను సార్, అన్నీ వచ్చినవే, హాల్లో కూర్చోగానే బ్లాంక్ అయిపోయింది" అనే మాట వినీ వినీ విసుగొచ్చేసింది. వెంటనే మెమరీ మీదో టెన్షన్ మీదో తోసేస్తారు. చాలామటుకు రెండూ కాదు. బుక్ తెరిచి ఉన్నప్పుడు మన బుర్ర చేసే పని గుర్తుపట్టడం, అంటే కళ్ల ముందున్నదాన్ని చూసి "ఆ, ఇది నాకు తెలుసు" అనుకోవడం. పరీక్షలో చేయాల్సింది ఎదురుగా ఏమీ లేకుండా గుర్తుతెచ్చుకోవడం. దారిలో ఎదురైన మనిషి మొహం తెలిసిందే, పేరు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది చూడండి, అదే తేడా. మొహాన్ని ఇంకో నాలుగుసార్లు చూసినంత మాత్రాన పేరు రాదు కదా, మరి పేజీని నాలుగుసార్లు చూస్తే ఎందుకొస్తుంది అనుకుంటారో నాకర్థం కాదు.

కావాల్సినవి: తెల్ల కాగితాలు, నీలం పెన్ను ఒకటి, ఎరుపు పెన్ను ఒకటి. గీతల కాగితం వద్దు. పెన్సిల్ అసలే వద్దు, చెరిపేయాలనిపిస్తుంది. హైలైటర్ ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి, రంగు పూసిన లైను మళ్లీ చూసినప్పుడు ఇంకా బాగా తెలిసినట్టు అనిపిస్తుంది, ఆ అనిపించడమే కదా మన జబ్బు.

మొదట రెండు మూడు పేజీల ముక్క తీసుకుని నెమ్మదిగా, అర్థం చేసుకుంటూ ఒక్కసారి చదవండి. బుక్ మూసి కనీసం అరగంట వేరే పని చూసుకోండి. మూసిన వెంటనే రాస్తే ఆ వాక్యాలు ఇంకా చెవిలోనే మోగుతుంటాయి కాబట్టి అన్నీ వచ్చేస్తాయి, దాంతో తేలేదేమీ లేదు. తర్వాత కాగితం తీసుకుని ఆ ముక్కలో ఉన్నదంతా చూడకుండా రాయండి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

పెన్ను ఆగిపోయిన చోట

అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే. గుండెలో రక్తం వెళ్లే దారి రాస్తున్నారనుకోండి. ఒంట్లోంచి వచ్చిన రక్తం కుడి కర్ణికలోకి, అక్కడి నుంచి వాల్వ్ దాటి కుడి జఠరికలోకి. అక్కడ పెన్ను ఆగింది. ఊపిరితిత్తులకు వెళ్తుందని తెలుసు, ఏ నాళంలోంచో రావట్లేదు. చెయ్యి దానంతటదే బుక్ మీదకి పోతుంది, "పుపుస ధమని" అని కనపడగానే "అబ్బా, ఇదే కదా, నాకు తెలుసు" అనేసి రాసేసి ముందుకెళ్లిపోతారు. అయిపోయింది. వెతుక్కునే పని బుర్రకి లేకుండా పోయింది, పైగా ఆ ఖాళీ ఉందన్న సంగతి కాగితం మీద కూడా మిగల్లేదు. రేపు పరీక్షలో సరిగ్గా అక్కడే ఆగుతారు.

ఆగినప్పుడు బుక్ ముట్టుకోకుండా రెండు నిమిషాలు అక్కడే ఉండండి. ఊరికే కూర్చోవడం కాదు, చుట్టుపక్కల తెలిసినవాటి మీంచి రండి. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకి తెచ్చేది సిర. మనకి కావాల్సింది బయటికి వెళ్లేది, ఊపిరితిత్తులకు వెళ్లేది, అంటే ఆక్సిజన్ తక్కువున్న రక్తం మోస్తున్నా సరే అది ధమనే అవ్వాలి. ఇలా తవ్వుకుని తెచ్చుకున్నది చూసి రాసినదానికన్నా గట్టిగా నిలుస్తుంది. అప్పటికీ రాకపోతే మీకు తోచింది రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని అంటూ చివరిదాకా పూర్తి చేయండి. మధ్యలో బుక్ తెరవకూడదు, "ఒక్కసారే" అని కూడా తెరవకూడదు. తప్పు రాస్తే అదే గుర్తుండిపోతుందేమో అని భయపడతారు, దిద్దుకోకుండా వదిలేస్తేనే ఆ ప్రమాదం.

పూర్తయ్యాక బుక్ తెరిచి ఎరుపు పెన్నుతో దిద్దండి. ఇక్కడ జాలి చూపించొద్దు. "మనసులో అదే అనుకున్నా" అన్నదానికి సున్నా. కుడివైపు "వాల్వ్" అని రాసి వదిలేసి, బుక్‌లో "ట్రైకస్పిడ్ వాల్వ్" చూడగానే తెలుసనిపిస్తే అదీ సున్నానే, ఎందుకంటే పేరు మీ కాగితం మీద లేదు. సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుందంటే, మొదటిసారి కాగితం మీద ఒక్క ఖాళీ, ఒక్క ప్రశ్నార్థకం కూడా లేకపోతే గ్యాప్ చాలలేదనో, తొంగి చూశారనో అనుమానించండి. సగానికి పైగా ఖాళీగా ఉంటే మాత్రం అది గుర్తుకి సంబంధించిన గొడవ కాదు, అసలు అర్థం కాలేదని, వెళ్లి మళ్లీ చదవండి.

రెండు రోజులాగి కొత్త కాగితం మీద మొత్తం మళ్లీ రాయండి, తప్పులు మాత్రమే కాదు. ఒకసారి వచ్చింది కదా అని పక్కన పెట్టినవే తర్వాత జారిపోతాయి.

"ఇంత కష్టమెందుకు, ఆ టైంలో ఇంకో మూడుసార్లు చదవొచ్చుగా" అనేవాళ్లకి ఒక మాట. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు సరిగ్గా దీన్నే పరీక్షించారు. ఒక గ్రూపు పాఠాన్ని నాలుగు విడతలూ చదివింది, ఇంకో గ్రూపు ఒక విడత చదివి మూడు విడతలు చూడకుండా రాసింది. 5 నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి, దాదాపు 83 శాతం, రాసినవాళ్లది 71. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లు 40కి పడిపోయారు, రాసినవాళ్లు 61 దగ్గర నిలబడ్డారు. ఇందులో నాకు నచ్చే సంగతేంటంటే, బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది నాలుగుసార్లూ చదివినవాళ్లే. పరీక్ష ముందురోజు రాత్రి చదివి "వచ్చేసింది" అనే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడు అర్థమైందా.

లెక్కలకి కొంచెం వేరేగా

లెక్కల్లో గుర్తుకు తెచ్చుకోవాల్సింది జవాబు కాదు, ఏ పద్ధతి వాడాలన్నది. ∫ x cos x dx, ∫ x cos(x²) dx చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ మొదటిది బై పార్ట్స్, రెండోది x² = t అని సబ్‌స్టిట్యూషన్. బుక్‌లో అయితే ఆ సెక్షన్ పేరే పద్ధతి చెప్పేస్తుంది, మీరు లెక్క చూసి తేల్చుకోవాల్సిన పనే ఉండదు, పరీక్షలో ఆ పేరు ఉండదు. కాబట్టి నాలుగైదు సెక్షన్ల లెక్కలు కలిపేసి, ప్రతిదానికీ ఏ పద్ధతో, ఏం చూసి అనుకున్నారో ఒక లైను రాయండి, మొత్తం చేయక్కర్లేదు. చేసిపెట్టిన సొల్యూషన్ చదువుతూ తలూపడం మాత్రం వద్దు, వేరేవాళ్లు చేసినప్పుడు ప్రతి స్టెప్పూ న్యాయంగానే కనపడుతుంది.

మా పరీక్షలో ఆప్షన్లుంటాయి కదా, గుర్తుపడితే చాలదా అంటారు కొందరు. చాలదు, తప్పు ఆప్షన్లు కూడా తెలిసినట్టు కనపడేలానే పెడతారు. పుపుస ధమని పక్కనే పుపుస సిర ఉంటుంది, రెండూ చదివినవే. అందుకే ప్రాక్టీస్ చేసేటప్పుడు ఆప్షన్ల మీద చెయ్యి పెట్టి ప్రశ్న మాత్రమే చదవండి, మీ జవాబు మార్జిన్లో రాశాకే చెయ్యి తీయండి. రాసినది ఆప్షన్లలో లేకపోతే ఆ ప్రశ్న నంబర్ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఆ టాపిక్ మళ్లీ తెల్ల కాగితం మీదకి తీసుకెళ్లండి, కింద చూసి సరైనది టిక్ పెట్టగలిగినా సరే.