ఇంటర్వ్యూ కోసం స్పోకెన్ ఇంగ్లిష్: యాప్, క్లాసు, గ్రూపు... మీకు ఏది కావాలో ఎలా తేల్చుకోవాలి?

యాప్‌కో, కోచింగ్‌కో డబ్బు కట్టే ముందు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేయండి. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనే ప్రశ్నకు రెండు నిమిషాలు జవాబు చెప్పండి. ముందే రాసుకుని చదవొద్దు. తర్వాత అదే జవాబును కాగితం మీద రాయండి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది.

బీకాం పూర్తి చేసిన మా పిన్ని కూతురు "ఐ యామ్ హావింగ్ వన్ బ్రదర్" అని మొదలుపెట్టి 40 సెకన్లకే ఆగిపోయింది. గ్రామర్ రాదనుకుని కోర్సులో చేరబోయింది. రాయమంటే మాత్రం పేజీ నిండా రాసింది, రెండే తప్పులు. అంటే వాక్యం తెలుసు, నోటికి అలవాటు లేదు. ఆ "హావింగ్" తప్పు సరిచేయడానికి ఒక్క మాట చాలు: మనకు ఉన్నవాళ్ల గురించి చెప్పేటప్పుడు "ఐ హావ్" అనాలి.

రాయడం కూడా రాకపోతే క్లాసులో చేరండి. డెమో క్లాసుకు వెళ్లి బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారో అడగండి. గంట క్లాసులో టీచర్ అరగంట మాట్లాడితే, 30 మంది బ్యాచ్‌లో మీ వంతుకు ఒక్క నిమిషమే వస్తుంది. పదిమంది ఉంటే మూడు నిమిషాలు. ఫీజు కన్నా ముందు చూడాల్సింది ఇదే.

రాయగలిగి, చెప్పలేకపోతే యాప్ పనికొస్తుంది. అయితే సరైన పదాన్ని నొక్కే ఆటలతో నోరు తిరగదు. వాక్యం విని, వెంటనే పైకి చెప్పి, రికార్డు చేసి పోల్చుకోండి. రోజుకు 20 నిమిషాలు చాలు. "ఎవ్రీ"ని "యెవ్రీ" అంటున్నారా, "బ్యాంక్" చివర "ఉ" చేరుస్తున్నారా అని ముఖ్యంగా వినండి. తెలుగు అలవాటు వల్ల మనకు ఈ రెండూ తేలిగ్గా వచ్చేస్తాయి.

ఒంటరిగా బాగా చెప్పి, మనిషి ఎదురుగా ఉంటే బిగుసుకుపోతే గ్రూపు కావాలి. నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో టేబుల్ టాపిక్స్ అనే భాగం ఉంటుంది. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. క్లబ్ దగ్గర్లో లేకపోతే నలుగురు స్నేహితులు చాలు. ఒకరు నిమిషం మాట్లాడాక, మిగిలినవాళ్లు ఆ మాటల్లోంచే రెండు ప్రశ్నలు వేయాలి. బట్టీ పట్టిన జవాబు రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది, ఇంటర్వ్యూలో టెన్షన్ మొదలయ్యేదీ అక్కడే. మధ్యలో ఎవరూ తప్పులు దిద్దకూడదు. రాసి పెట్టుకుని చివర్లో చెప్పాలి.

నాలుగు వారాల తర్వాత అదే ప్రశ్నకు మళ్లీ రికార్డు చేసి, ఎన్నిసార్లు ఆగారో లెక్కపెట్టండి. తగ్గకపోతే దారి మార్చండి. మా పిన్ని కూతురు రెండు వారాలు యాప్‌తో చదివి, తర్వాత గ్రూపులో చేరింది. "ట్యాలీలో ఏం చేశావు?" అని ఒకరు అడిగితే, జీఎస్టీ ఎంట్రీలు ఎలా వేసిందో నిమిషంన్నర చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగింది, కానీ తనే అందుకుని ముగించింది.