ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోమని మెయిల్ వచ్చిందా: సమస్య - పరిష్కారం

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో నాది లాప్‌టాప్ సర్వీసు షాపు. ప్లేస్‌మెంట్ల రోజులు మొదలైతే ఒకే రకం మాట మళ్లీ మళ్లీ వింటుంటా. "అన్నా, ఇంటర్వ్యూకని ఒక సాఫ్ట్‌వేర్ వేసుకున్నా. అప్పట్నుంచి సిస్టమ్ ఏందో తేడాగా ఉంది." ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్ అంటే ఇంట్లో కూర్చుని రాసే పరీక్షలో మనం కాపీ కొట్టకుండా కాపలా కాసేది. ఆ పేరు చెప్పి దొంగలు కూడా మెయిళ్లు పంపుతున్నారు. వేసుకోకముందు అయిదు నిమిషాలు చూసుకోవాల్సిన పని ఒకటుంది. అది చేసి వచ్చినవాళ్లు నాకు దాదాపు కనపడలేదు. లింకు మీద మౌస్ పెడితే అడ్రసు కింద కనపడుతుందని, ఫోన్‌లో అయితే వేలు నొక్కి పట్టుకుంటే చూపిస్తుందని మీకు తెలుసనుకునే రాస్తున్నా.

ఆ పని ఇది. మెయిల్ మూసేయండి. పరీక్షకు మీరు రిజిస్టర్ చేసుకున్న సైటు అడ్రసు మీ చేత్తో టైప్ చేసి, మీ అకౌంట్లోకి వెళ్లండి. పరీక్ష తేదీ, సమయం, వేసుకోవాల్సిన సాఫ్ట్‌వేర్ పేరు అక్కడ ఉన్నాయా చూడండి. ఉంటే అక్కడి బటన్ నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి, మెయిల్లోని లింకుతో పనే లేదు. లేకపోతే ఆగండి. ఉద్యోగ ఇంటర్వ్యూ అయితే కంపెనీ సొంత వెబ్‌సైట్లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగండి. మెయిల్ కింద రాసిన నంబరుకి చేస్తే ఎత్తేది ఆ మెయిల్ పంపినవాడే.

లక్షణం: మెయిల్ పంపిన సంస్థ పేరు ఎప్పుడూ వినలేదు

ఇది చూసి భయపడి నిజమైన పరీక్ష వదులుకున్న పిల్లలు ఉన్నారు, అందుకే ముందే చెబుతున్నా. పరీక్ష పెట్టే కంపెనీ ఒకటి, కాపలా కాసే సంస్థ ఇంకొకటి కావడం మామూలే. కాపలా సంస్థ తన సొంత అడ్రసు నుంచే మెయిల్ పంపుతుంది. పేరు కొత్తది కాబట్టి దొంగ అని, తెలిసింది కాబట్టి నిజమని అనుకోవద్దు.

అసలు సంస్థలు సాఫ్ట్‌వేర్ ఇచ్చే తీరు చూస్తే తేడా తెలుస్తుంది. పియర్సన్ వ్యూ వాళ్ల ఆన్‌వ్యూ పరీక్షకు, పరీక్ష రోజు మన అకౌంట్లో లాగిన్ అయి చెక్-ఇన్ మొదలుపెడితే ఆ దారిలోనే సాఫ్ట్‌వేర్ వస్తుంది. రెస్పాండస్ లాక్‌డౌన్ బ్రౌజర్‌కి ఏ కాలేజీకి ఆ కాలేజీ లింకు వేరుగా ఉంటుంది, అది కాలేజీ ఇస్తుంది. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ ఉచితం. దాని ఇల్లు `safeexambrowser.org`. పరీక్ష పెట్టేవాళ్లు దానికి తోడుగా `.seb` అనే సెట్టింగుల ఫైలు ఒకటి ఇస్తారు, అంతే. మూడింట్లోనూ దారి మన అకౌంట్ నుంచో, కాలేజీ నుంచో, సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ల సైటు నుంచో మొదలవుతుంది.

లక్షణం: లింకులో కంపెనీ పేరు స్పష్టంగా కనపడుతోంది

కారణం, మనం అడ్రసును ఎడమ నుంచి కుడికి చదవడం. యజమాని పేరు కుడి చివర ఉంటుంది. ఇది చూడండి:

```
https://exam.manacompany.com.test-setup.example/start
```

`https://` దాటాక వచ్చే మొదటి `/` గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి రండి. ముందు తగిలే రెండు ముక్కలు `test-setup.example`. ఈ ఇంటి యజమాని అతనే. ముందున్న `manacompany.com` గుమ్మానికి తగిలించిన బోర్డు, ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. చివర `.ac.in`, `.gov.in`, `.co.in` లాంటివి ఉంటే ఇంకొక మెట్టు వెనక్కి వచ్చి మూడు ముక్కలు చదవండి. `.ac.in` చదువుల సంస్థలకు, `.gov.in` ప్రభుత్వానికి తప్ప ఇవ్వరు. `.co.in`, `.in` మాత్రం డబ్బు కట్టిన ఎవరికైనా ఇస్తారు.

జీమెయిల్లో పంపినవాళ్ల పేరు కింద చిన్న బాణం నొక్కితే `mailed-by`, `signed-by` అని కనపడతాయి. ఆ అడ్రసు నుంచి మెయిల్ నిజంగానే వచ్చిందని మాత్రం అవి చెబుతాయి. ఆ అడ్రసు ఎవరిదో చెప్పవు. దొంగ కూడా తన అడ్రసుకి సక్రమంగా సంతకం పెట్టుకుంటాడు.

లక్షణం: ఫైలు స్కాన్ చేస్తే శుభ్రంగా ఉంది, డిజిటల్ సంతకం కూడా సరిగానే ఉంది

దీని దగ్గరే నేను దెబ్బతిన్నా, అందుకని నిదానంగా చెబుతా.

కావలి నుంచి బీటెక్ చివరి ఏడాది అబ్బాయి లాప్‌టాప్ తీసుకొచ్చాడు. మర్నాడు ఇంటర్వ్యూ, ఏదో ఎగ్జామ్ సెటప్ ఫైలు పంపారు, వేసుకోవచ్చా అని అడిగాడు. యాంటీవైరస్‌తో చూశా, ఏమీ అనలేదు. చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి చూసే వైరస్‌టోటల్ సైట్లో పెట్టా, అదీ ఏమీ అనలేదు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి Properties లో Digital Signatures చూశా, సంతకం చెల్లుతుందని వచ్చింది. "వేసుకో నాయనా, ఏం కాదులే" అన్నా. రెండు రోజుల తర్వాత వాళ్ల నాన్నను వెంటబెట్టుకొని వచ్చాడు. ఖాతాలో సెమిస్టరు ఫీజుకి దాచిన డబ్బు పోయింది.

ఆ ఫైలు వైరస్ కాదు. సర్వీసు వాళ్లు దూరంగా కూర్చుని మన కంప్యూటర్ బాగుచేయడానికి వాడే రిమోట్ సాఫ్ట్‌వేర్ అది, పేరున్న సంస్థ చేసిందే. దొంగ అందులో ఒక ఖాతా తెరిచి, దానితో తయారైన ఇన్‌స్టాలర్‌కి "ఎగ్జామ్ సెటప్" అని పేరు మార్చి పంపాడు. సాఫ్ట్‌వేర్ అసలైనది, సంతకం అసలైనది. కంప్యూటర్ పట్టుకుని కూర్చున్న అవతలి మనిషి మాత్రం దొంగ. అలాంటి మనిషిని యాంటీవైరస్ పట్టలేదు.

పరీక్ష అనే పేరు వాడికి ఎట్ట కలిసొచ్చిందో చూడండి. కరెంటాఫీసు అనో బ్యాంకు అనో చెప్పి ఎవడైనా "కీబోర్డు ముట్టుకోవద్దు, గదిలో ఎవరూ ఉండకూడదు, ఫోను పక్కన పెట్టు, స్క్రీన్ మీద ఏం వచ్చినా మూసేయవద్దు" అంటే మనకు వెంటనే అనుమానం వస్తుంది. పరీక్షలో అవే మాటలు నిబంధనలు. ఆ అబ్బాయి నిజాయితీగా వాటిని పాటించాడు. తెర నిండా "పరీక్ష లోడ్ అవుతోంది" అని ఉంటే ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. ఆ తెర వెనక వాడు బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డుతో వాళ్ల నాన్న నెట్ బ్యాంకింగ్ తెరిచాడు. ఆ బ్యాంకు ఓటీపీని మెయిల్‌కి కూడా పంపుతుంది, మెయిల్ అదే లాప్‌టాప్‌లో తెరిచే ఉంది. ఫోన్‌కి మెసేజ్ వచ్చింది కానీ, ఫోను గది బయట ఉంది.

నేను చూడాల్సింది చూడలేదు. సంతకం చెల్లుతుందా అని చూశా, ఎవరి సంతకమో చదవలేదు. Digital Signatures లో సంతకం చేసిన సంస్థ పేరు ఉంటుంది. పరీక్ష సాఫ్ట్‌వేర్ అని చెప్పిన ఫైలు మీద రిమోట్ సాఫ్ట్‌వేర్ చేసే సంస్థ పేరుంటే అక్కడే ఆగిపోవాలి. ఫైలును నడపకుండా, అది ఉన్న ఫోల్డరులో పవర్‌షెల్ తెరిచి, `setup.exe` బదులు మీ ఫైలు పేరు పెట్టి ఈ పేరు ఇట్ట కూడా చూడొచ్చు:

```
Get-AuthenticodeSignature .\setup.exe | Format-List
```

ఇందులో `Status` దగ్గర `Valid` అని చూసి తృప్తి పడొద్దు. `SignerCertificate` కింద `Subject` లో `CN=` పక్కన ఉన్న పేరు చదవండి, `Issuer` లోది కాదు. ఆ పేరును వెతికి, ఆ సంస్థ ఏం చేస్తుందో చూడండి.

దీనికీ ఒక హద్దుంది. కొన్ని అసలైన ప్రాక్టరింగ్ సేవల్లో కూడా ఇన్విజిలేటరు కాసేపు మన స్క్రీన్ తీసుకుని సరిచూస్తాడు, అందుకు రిమోట్ సాఫ్ట్‌వేరే వాడతారు. కాబట్టి పేరు ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం. అక్కడ తేల్చేది మళ్లీ ఆ మొదటి తనిఖీయే. అసలైన చోట మీరు లాగిన్ అయిన పరీక్ష పేజీలోనే ఈ సంగతి రాసి ఉంటుంది, సెషన్ కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ తర్వాత బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒకమ్మాయి ఇట్టాంటి మెయిలుతోనే వచ్చింది. రాత్రి తొమ్మిదికి మెయిల్, పొద్దున పదకొండుకి ఇంటర్వ్యూ, ఫైలు ముందే వేసి ఉంచాలట. తను నిజంగానే అప్లై చేసిన కంపెనీ పేరు ఉంది కాబట్టి అనుమానం రాలేదు. ఫైలు సంగతి తర్వాత, ముందు కంపెనీ కెరీర్స్ పేజీలో లాగిన్ అవమన్నా. అప్లికేషన్ అందింది అని మాత్రమే ఉంది, ఇంటర్వ్యూ ఊసే లేదు. లింకు వెనక నుంచి చదివితే యజమాని వేరు. `lookup.icann.org` లో ఆ పేరు పెడితే, అది రిజిస్టరై పట్టుమని పదిరోజులు కూడా కాలేదు. అయినా "నిజమైతే ఎట్టన్నా, అవకాశం పోతుందేమో" అంది. ఆ భయం న్యాయమైందే. అందుకే పొద్దున్నే కంపెనీ నంబరుకి ఫోన్ చేయించా. మేం ఎవరినీ పిలవలేదన్నారు. ఆ అమ్మాయి లాప్‌టాప్‌లోకి ఆ ఫైలు దిగనేలేదు.

తక్కిన లక్షణాలు, క్లుప్తంగా

పాస్‌వర్డు పెట్టిన జిప్ ఫైలు, పాస్‌వర్డు మెయిల్లోనే ఉంటే: స్కానర్లకు లోపల ఏముందో కనపడకుండా చేసిన ఏర్పాటు. తెరవొద్దు.

ఇంటర్వ్యూ పేజీలో "కెమెరా పనిచేయడం లేదు, విండోస్ కీ, R కలిపి నొక్కి ఇది పేస్ట్ చేయండి" అంటే: కెమెరా సరిచేయడానికి ఎవరూ అట్ట చేయించరు. మీ చేత్తోనే దొంగ ఆదేశం నడిపిస్తున్నారు. పేజీ మూసేయండి.

ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ పేరుతో ఇంట్లో సాఫ్ట్‌వేర్ వేసుకోమంటే: ఆ పరీక్షలు కేంద్రాల్లో, వాళ్ల కంప్యూటర్ల మీద జరుగుతాయి. మెయిల్ దొంగది.

అసలు కంపెనీ మెయిల్ బాక్సే హ్యాక్ అయి, అన్నీ సరిగా ఉన్న మెయిల్ రావడం: అరుదు. పోర్టల్, ఫోన్ తనిఖీతో అదీ దొరుకుతుంది.

ఇప్పటికే వేసేసుకుంటే

ఆ సాఫ్ట్‌వేర్ విండో మూసేస్తే సరిపోదు. ఈ రిమోట్ సాఫ్ట్‌వేర్లు సర్వీసుగా కూర్చుని, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ లేస్తాయి. ముందు వైఫై ఆపండి, ఫోన్ హాట్‌స్పాట్ కూడా. డబ్బు పోయినా, పోయిందని అనుమానం ఉన్నా ఆ నిమిషంలోనే బ్యాంకుకి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తర్వాత `cybercrime.gov.in` లో ఫిర్యాదు రాయండి. మెయిల్ చెరిపేయొద్దు, అది ఆధారం. పాస్‌వర్డులు వేరే ఫోన్లోనో కంప్యూటర్లోనో మార్చండి, మొదట మెయిల్‌ది, తర్వాత బ్యాంకుది. బ్రౌజర్‌లో దాచుకున్నవన్నీ పోయినట్టే లెక్క. విండోస్ సెట్టింగుల్లో Installed apps జాబితాను తేదీల వరుసలో పెడితే ఆ రోజు చేరింది పైన కనపడుతుంది. దాన్ని తీసేశాక కూడా వాడు వెనక ఇంకేం పెట్టి వెళ్లాడో తెలియదు. కాబట్టి నా దగ్గరికి వచ్చిన లాప్‌టాపులకు ఫొటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టు ఫైళ్లు బయటికి తీసి, విండోస్ కొత్తగా వేసే ఇస్తున్నా.