విదేశీ ఉద్యోగం వదిలి భారత్‌కు తిరిగొచ్చిన ఏడాది పన్ను హోదా ఎలా తేల్చుకోవాలి?

తిరిగొచ్చినవారు ముందుగా అడిగేది "అక్కడి జీతానికి ఇక్కడ పన్ను కట్టాలా?" అని. జీతం స్లిప్పుల కంటే ముందు పాస్‌పోర్టు తెరవండి. పౌరసత్వం, వీసా ఏవైనా సరే, పన్ను చట్టం ముందుగా చూసేది భారత్‌లో ఎన్ని రోజులు ఉన్నారన్నదే.

మొదటి అడుగు: రోజులు లెక్కపెట్టండి

ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ఉన్న ఏడాదిలో భారత్‌లో 182 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే మీరు రెసిడెంట్. అంత లేకపోయినా, ఆ ఏడాది కనీసం 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉన్నా రెసిడెంటే. సెలవులకు వచ్చివెళ్లిన రోజులూ ఇందులో చేరతాయి. విమానం దిగిన రోజును, ఎక్కిన రోజును లెక్కించాలా వద్దా అన్నదానిపై వాదనలున్నాయి. రెండింటినీ కలుపుకోవడమే క్షేమం. ముద్ర సరిగా పడని ప్రయాణాలకు బోర్డింగ్ పాసులు, టికెట్లు దాచుకోండి.

జర్మనీలో పనిచేసిన ఒక ఇంజినీరును ఊహించుకుందాం. 2018 జులై 10న వెళ్లాడు. ఆ తర్వాత ఏటా 30 రోజుల సెలవుకు వచ్చాడు. 2025 సెప్టెంబరు 20న ఉద్యోగం ముగించుకుని వచ్చేశాడు. ఆ ఏడాది అంతకుముందు రాలేదు. మార్చి 31 వరకు 193 రోజులయ్యాయి కాబట్టి రెసిడెంట్. అదే నవంబరు 10న వచ్చి ఉంటే 142 రోజులే. ముందు నాలుగేళ్ల సెలవులు కలిపినా 120 రోజులే కాబట్టి నాన్ రెసిడెంట్‌గానే మిగిలేవాడు. మన చట్టంలో ఏడాదిని సగం ఇలా, సగం అలా విడదీయడం లేదు. హోదా మొత్తం ఏడాదికీ ఒకటే. అందుకే తిరుగు టికెట్ తేదీకి ఇంత విలువ.

రెండో అడుగు: ఏ రకం రెసిడెంటో చూడండి

రెసిడెంట్ అని తేలగానే చాలామంది భయపడిపోతారు. మధ్యలో మరో మెట్టు ఉంది: సాధారణ రెసిడెంట్ కాని రెసిడెంట్. ఆడిటర్లు దీన్ని ఆర్‌ఎన్‌ఓఆర్ అంటారు. గడిచిన పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్ అయినా, గడిచిన ఏడేళ్లలో భారత్‌లో ఉన్నది 729 రోజులకు మించకపోయినా ఈ హోదా దక్కుతుంది. రెండింటిలో ఒకటి చాలు.

మన ఇంజినీరు పదేళ్ల పరీక్షలో తప్పాడు, ఎందుకంటే నాన్ రెసిడెంట్‌గా గడిచినవి ఏడేళ్లే. రోజుల పరీక్ష గట్టెక్కించింది. వెళ్లిన ఏడాది 101 రోజులు, తర్వాత ఆరేళ్ల సెలవులు 180, మొత్తం 281. మరుసటి ఏడాది, అంటే 2026-27లోనూ 373 రోజులతో గట్టెక్కుతాడు. ఇక్కడే ఉండిపోతే 2027-28కి లెక్క 708 రోజులు, అంటే ఇంకా 21 రోజుల వెసులుబాటు ఉంది. సెలవుకు ఏటా 30కి బదులు 35 రోజులు వచ్చి ఉంటే 733 అయి ఆ మూడో ఏడాది చేజారేది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినా ఈ పరిమితులు అలాగే ఉన్నాయి.

మూడో అడుగు: జీతాన్ని పని జరిగిన చోటును బట్టి విడదీయండి

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా జర్మనీలో చేసిన పనికి అక్కడి బ్యాంకులో పడిన జీతంపై, ఆర్‌ఎన్‌ఓఆర్‌గా అతనికి ఇక్కడ పన్ను లేదు. ఆ డబ్బును తర్వాత ఇంటికి పంపుకున్నా అది కొత్త ఆదాయం కాదు. చిక్కు వేరేచోట ఉంది. చివరి నెల జీతాన్నో బకాయి బోనస్‌నో కంపెనీ నేరుగా భారత్‌లోని ఖాతాలో వేస్తే, అది ఇక్కడ అందుకున్న ఆదాయంగా పన్ను కిందికి వస్తుంది. అందుకే ఆఖరి లెక్కలు తేలేదాకా అక్కడి ఖాతా మూసేయకండి.

దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. ఇంటికొచ్చాక అదే కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తూ, జీతం జర్మనీ ఖాతాలో పడుతోంది కాబట్టి పన్ను లేదనుకుంటారు. పని ఇక్కడ జరిగింది, కాబట్టి ఆదాయమూ ఇక్కడిదే. ఏ హోదా ఉన్నా పన్ను కట్టాలి.

ఆర్‌ఎన్‌ఓఆర్ దక్కకపోతే

అప్పుడు ఏప్రిల్ నుంచి వచ్చిన విదేశీ జీతమంతా రిటర్నులో చూపాలి. అక్కడ కట్టిన పన్నును రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఇక్కడి పన్నులో తగ్గించుకోవచ్చు. ఆ జీతంపై ఇక్కడ పడే పన్ను కంటే ఎక్కువ కట్టి ఉంటే తేడా తిరిగి రాదు. అక్కడ పన్ను కట్టిన రుజువులు కావాలి. విదేశీ ఖాతాలు, షేర్ల వివరాలను రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో రాయాలి. ఆర్‌ఎన్‌ఓఆర్‌గా ఉన్నన్నాళ్లూ ఆ పట్టిక అవసరం ఉండదు. హోదా మారిన ఏడాది దాన్ని మరచిపోయేవారే ఎక్కువ.