చిన్న స్లాబుకి రెడీమిక్సా, మిల్లరా? వానలు దిగకముందే చూసుకోవాల్సినవి

మృగశిర కార్తె దగ్గర పడుతోందంటే మా కోనసీమలో ఇల్లు కట్టుకునే వాళ్ళందరికీ ఒకటే కంగారు, వానలు పడేలోపు స్లాబు పడిపోవాలి అని. సైటులో మిల్లరుతో కలిపే బదులు ప్లాంటులోనే కలిపి బండిలో తెచ్చే కాంక్రీటు గురించి ఈ మధ్య చాలామంది "రెడీమిక్స్ అయితే రెండు గంటల్లో అయిపోద్దంట కదండి" అని అడుగుతున్నారు. అయిపోద్ది, నిజమే. కానీ ఆ రెండు గంటలు సాఫీగా జరగాలంటే వారం ముందే కొన్ని చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది రేటు కాదండి, దారి. 6 క్యూబిక్ మీటర్ల లోడుతో వచ్చే బండి అటూ ఇటూగా 25 టన్నులు ఉంటది. మన ఊళ్ళలో కాలవ గట్టు రోడ్లు, పంట బోదెల మీద పాత తూములు, కొబ్బరి తోటల మధ్య సందులు, వీటి మీద ఆ బరువు ఎక్కుద్దా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. అంబాజీపేట దగ్గర మా చిన్నమావయ్య వాళ్ళ స్లాబుకి ఇదే జరిగింది. మొదటి బండి ఎలాగో వచ్చేసింది గానీ వచ్చేటప్పుడు తూము అంచు విరిగింది, రెండో బండి డ్రైవరు దిగి చూసి నేను ఎక్కించను అన్నాడు, అతని తప్పేం లేదు. ఇంకో దారి చూసుకుని వచ్చేసరికి మూడు గంటలు దాటింది, అప్పటికే సగం స్లాబు గట్టిపడిపోయింది. ఆపిన చోట చెక్క కూడా పెట్టలేదు, వాలుగా వదిలేశారు. ఆ ఏడాది కార్తీకమాసం వానలకి సరిగ్గా ఆ గీత వెంబడే నీళ్ళు కారాయి.

అందుకని ప్లాంటు వాళ్ళని ముందురోజు కాదు, వారం ముందే ఒకసారి సైటుకి పిలిచి దారి చూపించండి. బండి లోపలికి రాకపోతే మెయిన్ రోడ్డు మీద ఆపి పంపు పెట్టి పైపు లైన్ లాగుతారు, అది పర్లేదు. పొడుగు చెయ్యి ఉన్న బూమ్ పంపు అయితే మాత్రం పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూసుకోండి, ఉంటే అది వద్దు.

ఇప్పుడు లెక్క. మావయ్య వాళ్ళది 30 అడుగులు, 25 అడుగులు, మందం 5 అంగుళాలు. అంటే 750 చదరపు అడుగులకి సుమారు 312 ఘనపుటడుగులు, అదే సీఎఫ్టీ. స్లాబు కిందకి దిగే బీములు 120 అడుగుల పొడవు, 9 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల లోతు, అవి ఇంకో 75. మొత్తం 387 సీఎఫ్టీ, క్యూబిక్ మీటరుకి 35.3 చొప్పున భాగిస్తే 11 క్యూబిక్ మీటర్లు, వాడుకలో మీటర్లు అనేస్తాం. ఇక్కడితో ఆగి 11 చెప్పేస్తే తక్కువ పడిపోద్ది ఎందుకంటే పంపు పైపు 30 మీటర్లు ఉంటే అందులోనే మూడో వంతు క్యూబిక్ మీటరు పైన ఉండిపోద్ది, కాస్త వేస్టేజీ కూడా పోద్ది. అందుకని 12 చెప్పాలి, రెండు బండ్లు నిండుగా.

అయితే ఈ లెక్క నిలబడాలంటే సెంట్రింగ్ లెవెల్ సరిగ్గా ఉండాలండి, ఎవరూ పట్టించుకోనిది ఇదే. సెంట్రింగ్ అరంగుళం కిందకి ఉందనుకోండి, 750 అడుగులకి అది 31 సీఎఫ్టీ, అంటే దాదాపు ఒక మీటరు కాంక్రీటు ఎక్కువ తాగుద్ది, చివర్లో ఒక మూల ఖాళీగా మిగిలిపోద్ది. ముందురోజు సాయంత్రం పై లెవెల్‌కి దారం కట్టి, పది పన్నెండు చోట్ల టేపుతో లోతు కొలిచి, ఆ సగటుతో మళ్ళీ లెక్క వేసి అప్పుడు ఫైనల్ ఆర్డరు చెప్పండి. మిగిలిపోతే బాధ లేదు, సెప్టిక్ ట్యాంకు మూతలకి అచ్చులు, కమ్మీ కట్టి పక్కన పెట్టుకోండి, అందులో పోసేయొచ్చు.

టైము సంగతి. ప్లాంటులో లోడు చేసిన దగ్గర్నుంచి రెండు గంటల్లో బండి ఖాళీ అయిపోవాలి అన్నది మామూలు లెక్క. చలానా మీద లోడు చేసిన టైము, కాంక్రీటు బలం చెప్పే గ్రేడు ఉంటాయి, బండి ఆగగానే అది చదవండి, తర్వాత కాదు. ప్లాంటు ముప్పావుగంట దూరంలో ఉంటే, మొదటి బండి మీ దగ్గర పోయడం మొదలెట్టాక ఫోన్ చేసి రెండోది లోడు చేయమనండి. మొదటిది ఖాళీ అయ్యేసరికి కాస్త అటూ ఇటూగా రెండోది వచ్చేస్తది. రెండూ ఒకేసారి పంపించేస్తే రెండోది ఎండలో నిలబడి బిగుసుకుపోద్ది, అప్పుడు ఎవరో ఒకరు డ్రమ్ములోకి నీళ్ళు పట్టించమంటారు. ఒప్పుకోకండి. నీళ్ళు పోస్తే పోత తేలికవుద్ది గానీ బలం పోద్ది, తర్వాత సన్న పగుళ్ళు కూడా వస్తాయి.

మనుషులు: రెడీమిక్స్‌కి తొమ్మిది పదిమంది చాలు. పైపు మూతి పట్టుకోడానికి ఇద్దరు, పారలతో లాగడానికి ముగ్గురు, వైబ్రేటరుకి ఇద్దరు, లెవెల్ చెక్కకి మేస్త్రీ, ఇంకొకరు. పదో మనిషి కింద ఉండాలి, సెంట్రింగ్ వడ్రంగి, పోత అయ్యేదాకా కదలకూడదు. పంపుతో కాంక్రీటు ఒకేచోట కుప్పగా పడుద్ది, మన నేల మెత్తన, కింద పలకలు వెయ్యకుండా సరుగుడు బాదులు నేల మీదే నిలబెడితే దిగిపోతాయి. అతను చూసి "ఆపండి" అని అరిస్తే పంపు ఆగాలి, ఆ మాట పంపు ఆపరేటరుకి ముందే చెప్పి పెట్టండి.

మరి మిల్లరు ఎప్పుడు? బండి గానీ పంపు గానీ ఏ రకంగానూ రాని చోట, లేదా పోర్టికో లాంటి రెండు మూడు మీటర్ల పనికి. అంత చిన్న ఆర్డరుకి బండి, పంపు అద్దె కట్టుకుంటే గిట్టదు. అదే 11 మీటర్లు మిల్లరుతో ఎం 20 గ్రేడు అయితే సుమారు 90 సిమెంటు కట్టలు, కట్టకి ఒక కలుపు, గంటకి పదిహేను పదహారు తిరిగినా ఆరు గంటల పని, ఇరవై మంది పైనే కావాలి. నాట్లు మొదలయ్యాక అంతమంది దొరకరు, పదిహేను మంది వస్తే పని చీకటి పడేదాకా సాగుద్ది. ఇక్కడ పాడయ్యేది నీళ్ళ దగ్గరే. కట్టకి 25 నుంచి 27 లీటర్లు, అదీ తడి ఇసకలో ఉన్న నీళ్ళతో కలిపి, అందుకని బకెట్టుకి గీత గీసి ఒక మనిషినే పెట్టండి. తడి ఇసక ఉబ్బి ఉంటది కాబట్టి కొలపెట్టెకి నిండుగా కనపడినా అసలు ఇసక తక్కువే పడుద్ది, అది కూడా గుర్తుంచుకోవాలి.

సముద్రం వైపు ఊళ్ళ వాళ్ళకి, అంతర్వేది, ఓడలరేవు అటువైపు, ఇంకో మాట. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే కలపడానికీ వద్దు, తడపడానికీ వద్దు, కమ్మీ తుప్పు పట్టి ఉబ్బి పెచ్చులు రాలిపోతాయి. కాంక్రీటు పనికి ఉన్న ఐఎస్ 456 కోడ్ ప్రకారం కమ్మీ ఉన్న కాంక్రీటు కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్ళు ల్యాబులో చూపించండి, లేదంటే ట్యాంకరు తెప్పించుకోండి. ఆ కోడ్ సముద్రం గాలి తగిలే చోట ఎం 30 అడుగుద్ది, పెట్టెలతో కొలిచి కలిపేది ఎం 20 వరకే. అంటే అక్కడ దారి ఉంటే రెడీమిక్స్ వైపే వెళ్ళమని నేను గట్టిగా చెప్తాను.

పోత పొద్దున్నే ఆరున్నరకి మొదలయ్యేలా పెట్టుకోండి, ఈ రోజుల్లో మబ్బు పట్టేది సాయంత్రాలు. బరకాలు స్లాబు మొత్తానికి సరిపడా తెచ్చి పైనే ఉంచండి. ఒకవేళ మధ్యలో ఆపాల్సి వస్తే బీము పక్కన కాకుండా రెండు బీముల నడిమధ్య దగ్గర నిలువుగా చెక్క పెట్టి ఆపండి, మళ్ళీ పోసే ముందు ఆ అంచు గరుకు చేసి, కడిగి, సిమెంటు పాలు రాయండి. మావయ్య వాళ్ళింట్లో ఆ చెక్క ముక్క ఒక్కటి పెట్టుంటే ఆ గీత ఇంత కారేది కాదు.